రూటర్ వెనక ఏ వైరు ఏది?

ఊళ్లో ఇంటర్నెట్ ఆగిపోతే పెద్దవాళ్లు ఇప్పుడు చేసే మొదటి పని, రూటర్ వెనక వైపు ఒక ఫోటో తీసి హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లలకి వాట్సాప్‌లో పంపడం. ఆ ఫోటోలో నల్లటి డబ్బా, దాని వెనక వరసగా కొన్ని రంధ్రాలు, వాటిల్లోంచి వేలాడుతున్న రకరకాల వైర్లు, కొంచెం దుమ్ము కనిపిస్తాయి. చూసేవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోయి, ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి నాన్నా’ అంటారు. చదవడం తెలిస్తే ఆ ఒక్క ఫోటోలోనే చాలా సంగతులు దొరుకుతాయి. ఇంటర్నెట్ ఏ దారిలో ఇంట్లోకి వస్తోంది, ఏ వైరు తప్పు చోట ఉంది, కంపెనీవాళ్లని పిలవాలా అక్కర్లేదా అన్నవి చాలాసార్లు దాంట్లోనే తేలిపోతాయి.

ఫోటోని రెండు ప్రశ్నలతో చూడాలి. ఈ రంధ్రం ఏ రకం వైరుది? ఆ వైరు డబ్బాలోకి తెస్తోందా, డబ్బా నుంచి బయటికి తీసుకుపోతోందా? మొదటిదానికి జవాబు రంధ్రం ఆకారంలో ఉంటుంది. రెండోదానికి జవాబు ఆకారంలో దొరకదు, రంధ్రం పైనో కిందో అచ్చువేసిన చిన్న అక్షరాల్లో దొరుకుతుంది. రంగుని మాత్రం నమ్మకూడదు. ఒక కంపెనీ లోపలికి వచ్చే వైరు రంధ్రానికి నీలం వేస్తే ఇంకో కంపెనీ పసుపు వేస్తుంది, మూడో కంపెనీ అన్నిటికీ ఒకే నలుపు వేసి ఊరుకుంటుంది. ఒక్క చోట మాత్రం రంగుకి నిజంగా అర్థం ఉంది. దాని సంగతి ఫైబర్ దగ్గర చెబుతాను.

అందరికీ ఎక్కువగా కనిపించేది ఈథర్‌నెట్. నలుచదరంగా ఉండే రంధ్రం, ఒక అంచున చిన్న గాడి, లోపల వరసగా ఎనిమిది బంగారు రంగు తీగలు. దీంట్లోకి వెళ్లే పిన్ను వెడల్పు దాదాపు 12 మిల్లీమీటర్లు. పిన్నుకి ఒక పక్క ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, అది గాడిలో పడి టిక్కుమని బిగుస్తుంది. ఆ నాలుక విరిగిపోయిన వైరు పైకి పెట్టినట్టే కనిపిస్తుంది కానీ, ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా వదులవుతుంది. ఫోటోలో ఒక పిన్ను మిగతావాటికన్నా కాస్త బయటికి వచ్చి ఉంటే అనుమానించాల్సింది ఆ నాలుకనే. వైరు పొడుగునా క్యాట్ 5ఈ అనో క్యాట్ 6 అనో అచ్చువేసి ఉంటుంది. ఇంటి అవసరాలకి రెండూ సరిపోతాయి.

చాలా డబ్బాల్లో ఈ ఆకారం రంధ్రాలు నాలుగో అయిదో పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ల్యాన్ 1, ల్యాన్ 2 అని రాసినవి బయటికి ఇచ్చేవి. కంప్యూటర్, టీవీ, ఇంకో రూటర్ వాటికే తగిలించాలి. వ్యాన్ అనో ఇంటర్నెట్ అనో రాసింది ఒక్కటే ఉంటుంది. అది లోపలికి తీసుకునేది. ఆకారం ఒకటే కాబట్టి పిన్ను ఎక్కడైనా పడుతుంది, దీపం కూడా వెలుగుతుంది. అందుకే ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

కొన్ని ఫైబర్ డబ్బాల్లో ల్యాన్ 1 పక్కన జీఈ అని, మిగతావాటి పక్కన ఎఫ్‌ఈ అని ఉంటుంది. జీఈ రంధ్రం సెకనుకి 1,000 మెగాబిట్ల దాకా పంపగలదు, ఎఫ్‌ఈ రంధ్రం 100 దగ్గర ఆగిపోతుంది. 200 మెగాబిట్ల ప్లాన్‌కి డబ్బు కడుతున్నా స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చూసినా 94, 95 దగ్గరే నిలబడిపోతోందంటే, వైరు ఎఫ్‌ఈ రంధ్రంలో ఉందేమో ఫోటోలో చూడండి. అక్కడ సరిగానే ఉంటే ఇంకో ఫోటో అడగాలి. పిన్నుని బయటికి తీసి, నాలుక అవతలి వైపుకి, బంగారు రంగు మొనలు పైకి ఉండేలా పట్టుకుని దగ్గర నుంచి తీయమనండి. పిన్ను పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి రంగులు కనిపిస్తాయి. ఎడమ నుంచి నారింజ చారల తెలుపు, నారింజ, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలం చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ వరసలో ఎనిమిది ఉండాలి. కొన్నిచోట్ల నాలుగే కనిపిస్తాయి. ఒకే వైరుతో రెండు కనెక్షన్లు ఇవ్వడానికో, తొందరలోనో నాలుగింటినే బిగించేస్తారు. 100 మెగాబిట్లకి ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాల్లోని నాలుగు తీగలు చాలు. 1,000కి మాత్రం ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగినా చాలాసార్లు రెండు పక్కల డబ్బాలూ మాట్లాడుకుని 100కే సర్దుకుంటాయి. కనెక్షన్ పోదు, ఫిర్యాదు చేయడానికి ఏదీ ఆగిపోయినట్టు కూడా ఉండదు. అందుకే ఇలాంటి వైర్లు ఏళ్లతరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతాయి.

ఈథర్‌నెట్ రంధ్రానికి తమ్ముడిలాంటిది ల్యాండ్‌లైన్ ఫోన్ రంధ్రం. ఆకారం అదే, కాస్త ఇరుకు. ఫోన్ పిన్ను వెడల్పు 10 మిల్లీమీటర్లకి లోపే, దాంట్లో బంగారు గీతలు రెండో నాలుగో ఉంటాయి. వైరు సన్నగా, తరచు బల్లపరుపుగా ఉంటుంది. ఈథర్‌నెట్ పిన్ను ఫోన్ రంధ్రంలో పట్టదు కాబట్టి ఆ తప్పు జరగదు. ఫోన్ పిన్ను మాత్రం ఈథర్‌నెట్ రంధ్రంలో హాయిగా దూరిపోతుంది. అలా దూర్చినప్పుడు దాని ప్లాస్టిక్ అంచులు రంధ్రంలో చివరి తీగలని నొక్కి వంచేయవచ్చు కూడా. ఫోటోలో గుర్తు పట్టడం తేలిక. పిన్నుకి అటూ ఇటూ సన్నటి ఖాళీ కనిపిస్తుంది.

ఇక్కడ అక్షరాలు చదవడం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. పాత బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ మీద ఈ ఇరుకు రంధ్రం దగ్గర డీఎస్‌ఎల్ అని ఉండేది. రాగి టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ లోపలికి వచ్చేది దాంట్లోంచే. ఇప్పటి ఫైబర్ డబ్బా మీద అచ్చం అలాంటి రంధ్రం దగ్గరే ఫోన్ అనో టెల్ అనో పాట్స్ అనో ఉంటుంది. దాంట్లోంచి మాట బయటికి, ల్యాండ్‌లైన్ ఫోన్‌కి వెళ్తుంది. గోడలోంచి వచ్చే పాత టెలిఫోన్ తీగని అలవాటుకొద్దీ దీనికి తగిలించినవాళ్లకి ఇంటర్నెట్ రాదు, ఫోనూ మోగదు.

ఇప్పుడు ఫైబర్. మన ఇళ్లలో ఉన్న ఫైబర్ డబ్బాల్లో చాలావాటికి వెనకో కిందో అడుగు భాగంలోనో ఒక ఆకుపచ్చ రంధ్రం ఉంటుంది. పక్కన పాన్ అనో ఆప్టికల్ అనో రాసి ఉంటుంది. దాంట్లో చదరపు ఆకుపచ్చ ప్లాస్టిక్ పిన్ను, దాని నుంచి సన్నటి పసుపు, తెలుపు లేదా నలుపు వైరు. రంగుకి అర్థం ఉందన్నది ఈ ఆకుపచ్చ గురించే. పిన్ను మధ్యలో రెండున్నర మిల్లీమీటర్ల తెల్లటి గొట్టం, దాని నడుమ 0.125 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు పోగు ఉంటాయి. వెలుతురు నడిచే భాగం ఆ పోగులో కూడా సుమారు 0.009 మిల్లీమీటర్లు మాత్రమే. ఆకుపచ్చ పిన్నులో ఆ గాజు మొనని ఎనిమిది డిగ్రీల వాలుగా చెక్కుతారు. దానివల్ల మొన దగ్గర వెనక్కి తిరిగే వెలుతురు వచ్చిన దారినే పోకుండా పక్కకి పోయి ఆరిపోతుంది. నీలం పిన్నులో మొన వాలు లేకుండా నునుపుగా ఉంటుంది. రెండూ బయటికి ఒకే ఆకారం కాబట్టి నీలం పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో దూరి టిక్కుమంటుంది. కానీ లోపల వాలు మొన, నిటారు మొన ఒకదానికొకటి ఆనవు. మధ్యలో సందు మిగిలి వెలుతురు చాలావరకు పోతుంది. ఆకుపచ్చలో ఆకుపచ్చ, నీలంలో నీలం ఉండాలి. ఫోటోలో ఈ రెండు రంగులు కలిసి కనిపిస్తే కారణం దొరికినట్టే.

ఫైబర్ విషయంలో ఫోటోలో వెతకాల్సింది ఇంకోటి ఉంది, వైరు వంపు. డబ్బాని గోడకి జరిపినప్పుడు పిన్ను పక్కనే వైరు మడత పడుతుంది. ఆ మడతలోంచి వెలుతురు బయటికి జారిపోతుంది. మామూలు గాజు పోగుని 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా ఇరుకుగా వంచకూడదు. వంపుని తట్టుకునే కొత్త రకాలు ఇంతకన్నా ఓర్చుకుంటాయి, కానీ పదునైన మడతని ఏదీ ఓర్చుకోదు. పిన్ను దాకా వచ్చి డబ్బాకీ గోడకీ మధ్య నలిగిన వైరు ఫోటోలో కనిపిస్తే, డబ్బాని నెమ్మదిగా ముందుకి లాగి వైరుని వదులుగా గుండ్రంగా ఉంచమనండి. చాలాసార్లు ముందు వైపు ఎర్ర దీపం అక్కడికక్కడే ఆరిపోతుంది.

ఆ ఎర్ర దీపం పేరు లాస్. ఎల్, ఓ, ఎస్ అని రాసి ఉంటుంది. డబ్బాకి వెలుతురు అందడం లేదని దాని అర్థం. పక్కనే ఉండే పాన్ దీపం ఆకుపచ్చగా నిలకడగా వెలిగితే గాజు దారి బాగున్నట్టు. అది కొట్టుకుంటూ ఉంటే డబ్బా అవతలి కేంద్రంతో పరిచయం చేసుకోవడానికి ఇంకా ప్రయత్నిస్తోందని అర్థం. ఇక్కడ ఫోటోకి ఒక పరిమితి ఉంది. కొట్టుకునే దీపాన్ని ఫోటో వెలిగిన క్షణంలోనో ఆరిన క్షణంలోనో పట్టేస్తుంది. కాబట్టి దీపాల కోసం పది సెకన్ల వీడియో అడగాలి.

ఫైబర్ పిన్నుని మాత్రం ‘ఒకసారి తీసి పెట్టి చూడు’ అని ఎవరికీ చెప్పకండి. తీసిన మొన మీద వేలు తగిలినా, చీర కొంగుతో తుడిచినా ఆ 0.009 మిల్లీమీటర్ల దారికి మరక అడ్డం పడుతుంది. దాన్ని శుభ్రం చేసే సామాను కంపెనీ కుర్రాడి సంచిలో ఉంటుంది, మన ఇంట్లో ఉండదు. ఊడిన పిన్ను మొనలోకి చూడటం కూడా తగదు. కేంద్రం నుంచి వచ్చే వెలుతురు 1,490 నానోమీటర్లది, మన కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి కన్ను చికిలించుకోవడం కూడా జరగదు.

మూడో రకం కోయాక్సియల్, మన కేబుల్ టీవీ వైరు. ఇదే అన్నిటికన్నా లావు, దాదాపు 7 మిల్లీమీటర్లు. రంధ్రం బదులు బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి లోహపు మర, దాని మధ్యలో ఒక చిన్న బెజ్జం ఉంటాయి. వైరు కొసన తిప్పి బిగించే లోహపు నట్టు, దాని నడుమ ఒకే ఒక్క రాగి మొన. ఆ రాగి మొన విడిగా అమర్చిన పిన్ను కాదు, వైరు నడిగర్భంలో పరిగెత్తే తీగే బయటికి వచ్చింది. అందుకే వంకర పోతే నిటారు చేయొచ్చు, విరిగితే మాత్రం వైరు కొస కోసి కొత్త నట్టు వేయాల్సిందే.

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఇంటర్నెట్ తరచు ఈ లావు వైరులోనే వస్తుంది. అక్కడి కేబుల్ కంపెనీలు టీవీ కోసం వేసిన వైరునే ఇంటర్నెట్‌కీ వాడుతున్నాయి. వాళ్ల మోడెమ్ వెనక ఈ మర లోపలికి తెచ్చే దారి. మన దగ్గర కొన్ని ఫైబర్ డబ్బాల మీద కూడా ఇలాంటి మరే ఉంటుంది. దాని దగ్గర సీఏటీవీ అనో ఆర్‌ఎఫ్ అనో రాసి ఉంటుంది. గాజు పోగులో ఇంటర్నెట్‌తో పాటు వచ్చిన టీవీ సిగ్నల్‌ని విడదీసి సెట్‌టాప్ బాక్సుకి పంపేది అది. అక్కడ లోపలికి, ఇక్కడ బయటికి. న్యూజెర్సీలో ఉన్న అబ్బాయి తన ఇంటి అలవాటుతో అమ్మకి ‘ఆ లావు వైరు బిగించమ్మా, నెట్ వస్తుంది’ అని చెబితే, బిగించినా నెట్ రాదు.

ఈ మరని పోలినవి ఇంకో రెండున్నాయి. యాంటెనా విప్పిన రూటర్ మీద మిగిలే మర బంగారు రంగులో ఉండి కోయాక్సియల్‌దే అనిపిస్తుంది. కానీ అది సన్నం, ఆరు మిల్లీమీటర్లు ఉంటుందేమో. టీవీ వైరు మర తొమ్మిదిన్నర. పక్కన ఈథర్‌నెట్ రంధ్రం కనిపిస్తుంటే దాంతో పోల్చుకుంటే చాలు. రెండోది సీసీ కెమెరాల డబ్బా వెనక ఉండే గుండ్రటి సాకెట్లు. అవీ కోయాక్సియలే కానీ వాటికి మర ఉండదు, రెండు పక్కలా చిన్న మొటిమలుంటాయి. పావు చుట్టు తిప్పితే బిగుస్తుంది. అలాంటివి వరసగా నాలుగో ఎనిమిదో కనిపిస్తే మీకొచ్చిన ఫోటో రూటర్‌ది కాదు, కెమెరా రికార్డర్‌ది.

మిగిలినవాటికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. గుండ్రటి సన్నటి రంధ్రం కరెంటుది. ఇళ్లలో చాలా రూటర్లకి 12 వోల్టులు. రకరకాల వోల్టుల అడాప్టర్లకి కూడా ఒకే కొస ఉండొచ్చు, కాబట్టి పాత డబ్బా అడాప్టర్ పెట్టేముందు రెండిటి మీదా అంకెలు కలుస్తున్నాయో లేదో చూడాలి. గుండుసూది పట్టే బెజ్జం రీసెట్‌ది. దాన్ని పది సెకన్లు నొక్కితే కంపెనీ కుర్రాడు పెట్టిన సెట్టింగులన్నీ పోవచ్చు, దాని జోలికి పోవద్దని ముందే చెప్పాలి.

ఫోటో ఎలా తీయమనాలో కూడా చెప్పాలి. ఫ్లాష్ నేరుగా కొడితే మెరిసే ప్లాస్టిక్ మీద అక్షరాలు తెల్లగా మాసిపోతాయి. ఇంకో ఫోన్ టార్చ్ పక్క నుంచి వేస్తే అచ్చు నీడతో సహా తేలుతుంది. ఒకటి దూరం నుంచి, వైర్లన్నీ ఎక్కడికి పోతున్నాయో కనపడేలా. ఇంకోటి దగ్గర నుంచి, అక్షరాలు చదవగలిగేలా. డబ్బా అడుగున ఉండే స్టిక్కర్ ఫోటో ఇంట్లోవాళ్లకి పంపడం సరే కానీ, అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకూడదు. వైఫై పేరు, పాస్‌వర్డ్, డబ్బా సీరియల్ నంబర్ అన్నీ దాని మీదే ఉంటాయి.

ఇదంతా ఒక నిజమైన ఫోటో మీద చూద్దాం. గుంటూరులో మా పిన్నివాళ్లు ఇంటికి రంగులు వేయించారు. పనివాళ్లు వైర్లన్నీ పీకి, అయిపోయాక మళ్లీ తగిలించి వెళ్లారు. మర్నాడు పిన్ని ఫోన్ చేసి, ‘నా ఫోన్లో నెట్ వస్తోందిరా, మీ బాబాయ్ ఫోన్లో రావట్లేదు, ఆయన ఫోన్ పాడైందంటావా?’ అంది. ఫోటోలు పంపమన్నాను.

దూరపు ఫోటోలో రెండు డబ్బాలున్నాయి. కంపెనీ ఇచ్చిన తెల్లటి ఫైబర్ డబ్బా ఒకటి, పై అంతస్తు కోసం బాబాయ్ విడిగా కొన్న నల్ల రూటర్ ఒకటి. దగ్గరి ఫోటోలో ఆకుపచ్చ పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో నిండుగా కూర్చుంది, వైరు గుండ్రంగా తిరిగింది. పిన్ని ఫోన్లో నెట్ వస్తోందంటే ఆ దారి బాగానే ఉన్నట్టు. తెల్ల డబ్బా ల్యాన్ 1 నుంచి బయలుదేరిన ఈథర్‌నెట్ వైరుని ఫోటోలో వేలితో జరుపుకుంటూ వెళ్తే, నల్ల రూటర్‌లో ల్యాన్ 1 అని రాసిన చోట ఆగింది. పక్కనే ఉన్న వ్యాన్ రంధ్రం ఖాళీగా ఉంది.

అలా పెట్టినప్పుడు రెండు డబ్బాలూ ఒకే గదిలో ఇద్దరు పెద్దల్లా అయిపోతాయి. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ ఒక అంకెల చిరునామా కావాలి. దాన్ని ఇచ్చే బాధ్యత ఒక్క డబ్బాదే కావాలి. ఇక్కడ రెండూ ఇస్తున్నాయి, ఎవరి జవాబు ముందొస్తే ఫోన్ దాన్నే తీసుకుంటోంది. ఫోన్లో వైఫై వివరాలు తెరిచి చూడమన్నాను. పిన్ని ఫోన్లో 192.168.1.7 అని ఉంది, అది తెల్ల డబ్బా ఇచ్చింది. బాబాయ్ ఫోన్లో 192.168.0.105, అది నల్ల రూటర్ ఇచ్చింది. ఆ చిరునామా ఉన్న ఫోన్ బయటికి వెళ్లాల్సినవన్నీ నల్ల రూటర్‌కి ఇస్తుంది. దాని వ్యాన్ రంధ్రం ఖాళీ కాబట్టి అవి అక్కడే ఆగిపోతాయి. బాబాయ్ ఫోన్‌కి ఏ రోగమూ లేదు. పిన్ని ఆ ఒక్క వైరుని ల్యాన్ 1 నుంచి పీకి పక్క రంధ్రంలో పెట్టి, రెండు డబ్బాలూ ఆపి వేసింది. పై అంతస్తులో కూడా నెట్ వచ్చింది.

అదే ఫోటోలో ఇంకోటి కనిపించింది. తెల్ల డబ్బా ల్యాన్ 3లో ఒక సన్నటి బల్లపరుపు వైరు, పిన్నుకి రెండు పక్కలా ఖాళీ. ఫోన్ 1 అని రాసిన రంధ్రంలో ఏమీ లేదు. ‘పిన్నీ, ల్యాండ్‌లైన్ పనిచేస్తోందా?’ అని అడిగాను. రంగులు వేసిన దగ్గర్నుంచి అది మోగలేదని, ఎవరూ చేయట్లేదు కాబోలు అనుకున్నామని చెప్పింది. వైరు మార్చి రిసీవర్ ఎత్తమన్నాను, టోన్ వచ్చింది.